అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి పదవికి రాజీనామా: లెక్కలు, రికార్డులు, తాళాలు అప్పగించే పద్ధతి

కార్యదర్శి పదవి నుంచి తప్పుకోవాలనుకుంటున్నామని, అయితే ఏది ముందు చేయాలో, ఏది ఎవరికి ఇవ్వాలో తెలియడం లేదని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నివాసుల సంఘాల వారు తరచుగా అడుగుతున్నారు. ఆ పని మొత్తాన్ని వరుసక్రమంలో ఇక్కడ వివరిస్తున్నాను. లేఖ రాయడం ఇందులో అన్నిటికంటే చిన్న పని. లెక్కలను ఒక తేదీ దగ్గర ఆపి, అందరి ముందు తేల్చి, కాగితం మీద సంతకాలు తీసుకోవడమే అసలు పని కాబట్టి ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

ఉదాహరణగా విజయనగరంలో 40 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌ను ఊహించుకుందాం. సంఘం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదైంది. నెలసరి మెయింటెనెన్స్ ఫ్లాటుకు 2,000 రూపాయలు. బ్యాంకు ఖాతా కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలతో నడుస్తోంది. కార్యదర్శి ఆగస్టు 31న తప్పుకోవాలనుకుంటున్నారు.

1. లేఖకు ముందు నియమావళి తీయండి

రిజిస్ట్రేషన్ సమయంలో దాఖలు చేసిన నియమావళిని, అంటే బైలాస్‌ను, బయటికి తీసి నాలుగు విషయాలు చూడండి. చాలా సంఘాలలో దాని ప్రతి ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. అలాంటప్పుడు ముందుగా రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకృత నకలుకు దరఖాస్తు చేయండి.

- రాజీనామాను ఎవరి పేరున ఇవ్వాలి: అధ్యక్షుడికా, కార్యవర్గానికా?
- ముందస్తు నోటీసు ఎన్ని రోజులు?
- మధ్యలో ఖాళీ అయిన పదవిని కార్యవర్గమే భర్తీ చేయవచ్చా, సర్వసభ్య సమావేశం పెట్టాలా?
- కార్యవర్గ సమావేశానికి కోరం ఎంత?

మూడో ప్రశ్నకు జవాబును బట్టి మీ కాలపట్టిక మారిపోతుంది. కార్యవర్గం భర్తీ చేసుకోగలిగితే నెల రోజులు సాధారణంగా చాలు. సర్వసభ్య సమావేశం తప్పనిసరైతే నోటీసు గడువు కూడా కలుస్తుంది కాబట్టి రెండు నెలలు చేతిలో ఉంచుకోండి. నియమావళిలో నోటీసు గడువు రాసి ఉండకపోయినా 30 రోజులు ఇవ్వడం మంచిది, ఎందుకంటే లెక్కలు తేల్చడానికి మీకే ఆ సమయం కావాలి.

2. తేదీ ఎంచుకోవడం

పదవి వదిలే తేదీ నెలాఖరు అయితే అందరికీ సులభం. మెయింటెనెన్స్, వాచ్‌మన్ జీతం, లిఫ్ట్ బిల్లు అన్నీ నెల ప్రకారమే నడుస్తాయి. నెల మధ్యలో ఆపితే పదిహేను రోజుల జీతం ఎవరి లెక్కలోకి వస్తుందన్న వాదన మొదలవుతుంది.

మన ప్రాంతంలో మూడు కాలాలను వీలైనంత వరకు వదిలేయండి. దసరా వారాలలోను, దసరా తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లోను విజయనగరంలో కోరం కూడటం కష్టం. సంక్రాంతికి సగం ఫ్లాట్లకు తాళాలే ఉంటాయి. ఇక అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఈ జిల్లాలలో ఎన్నో చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ గది తాళం పాత కార్యదర్శి దగ్గర, డీజిల్ డబ్బులు కొత్త కార్యదర్శి దగ్గర ఉన్న స్థితిలో అలాంటి రాత్రి ఎదురైతే ఇబ్బంది పడేది పై అంతస్తుల్లోని వృద్ధులే.

3. రాజీనామా లేఖ

లేఖలో కారణాలు, ఫిర్యాదులు, చేసిన పనుల జాబితా రాయకండి. ఎవరి మీదనైనా అభ్యంతరం ఉంటే దాన్ని వేరే లేఖగా ఇవ్వండి. రాజీనామా లేఖ రేపు బ్యాంకుకు, రిజిస్ట్రార్ కార్యాలయానికి కూడా వెళ్లే కాగితం కనుక అందులో తేదీలు, అప్పగింత మాట తప్ప మరేమీ ఉండనవసరం లేదు. నమూనా ఇది:

> అధ్యక్షులు గారికి,
> వ్యక్తిగత కారణాల వల్ల సంఘ కార్యదర్శి పదవికి రాజీనామా చేస్తున్నాను. ఈ రాజీనామా ఆగస్టు 31వ తేదీ సాయంత్రం నుంచి అమలులోకి వచ్చేలా ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. అప్పటివరకు రోజువారీ బాధ్యతలు నిర్వహిస్తాను. ఆ తేదీకి లెక్కలను సరిచూసి, రికార్డులను, తాళాలను కార్యవర్గం సూచించిన వ్యక్తికి జాబితా ప్రకారం అప్పగిస్తాను. అప్పగింత స్వీకరించే వ్యక్తిని, లెక్కలు పరిశీలించే ఇద్దరు సభ్యులను నియమించవలసిందిగా మనవి.

చివరి వాక్యాన్ని తప్పకుండా ఉంచండి. లెక్కలు పరిశీలించమని మీరే లిఖితపూర్వకంగా అడిగారన్న ఆధారం తరువాత చాలా పనికొస్తుంది.

లేఖ రెండు ప్రతులు తీసి, రెండో ప్రతి మీద "అందినది" అని తేదీతో సంతకం తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశాన్ని రాజీనామాగా భావించకండి. అది సమాచారం మాత్రమే. అధ్యక్షుడు సంతకం చేయకుండా "చూద్దాంలెండి" అని దాటవేస్తే అదే లేఖను డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి, రసీదును భద్రపరచండి.

4. కార్యవర్గ తీర్మానం

లేఖ అందిన తరువాత కార్యవర్గం సమావేశమై మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసుకోవాలి. ఇక్కడ చాలా సంఘాలు "రాజీనామా ఆమోదించడమైనది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటాయి. ఆ వాక్యంతో బ్యాంకులో పని జరగదు. తీర్మానంలో ఈ ఐదు అంశాలూ విడివిడిగా ఉండాలి:

- రాజీనామా ఏ తేదీ నుంచి అమలవుతుంది
- కొత్త కార్యదర్శి, లేదా తాత్కాలికంగా బాధ్యత తీసుకునే సంయుక్త కార్యదర్శి పూర్తి పేరు, ఫ్లాటు నంబరు
- బ్యాంకు ఖాతా నంబరు రాసి, అందులో పాత కార్యదర్శి సంతకం తొలగించి కొత్తవారి సంతకం చేర్చాలన్న నిర్ణయం
- లెక్కలు పరిశీలించే ఇద్దరు సభ్యుల పేర్లు
- అప్పగింత జరిగే తేదీ, సమయం, స్థలం

మినిట్స్ రాసేది సాధారణంగా కార్యదర్శే. ఈ ఒక్క సమావేశానికి మాత్రం వేరొకరిచేత రాయించండి. మీ రాజీనామా తీర్మానం మీ చేతిరాతలోనే ఉంటే, తరువాత దాని మీద ప్రశ్న వచ్చినప్పుడు బలం తగ్గుతుంది.

5. లెక్కలను ఒక తేదీ దగ్గర ఆపడం

మన ఉదాహరణలో ఆ తేదీ ఆగస్టు 31. ఆ రోజు సాయంత్రం తరువాత పాత కార్యదర్శి రసీదు రాయకూడదు, చెల్లింపు చేయకూడదు. నగదు పుస్తకంలో చివరి పద్దు కింద గీత గీసి, నిల్వ వేసి, కార్యదర్శి, కోశాధికారి సంతకాలు చేయాలి. రసీదు పుస్తకంలో వాడిన చివరి రసీదు నంబరును కూడా అక్కడే రాయాలి.

5.1 బ్యాంకు నిల్వ

బ్యాంకు నుంచి ఆగస్టు 31 వరకు స్టేట్‌మెంట్ తీసుకోండి. మన ఉదాహరణలో అందులో 1,86,450 రూపాయలు ఉన్నాయి. నగదు పుస్తకంలో మాత్రం బ్యాంకు నిల్వ 1,75,986 రూపాయలు కనిపిస్తోంది. తేడా 10,464. ఇలాంటి తేడా చూసి కొత్తవారు అనుమానిస్తారు, పాతవారు కంగారుపడతారు. నిజానికి తేడా ఉండటం సహజం. దానికి కారణం చెప్పలేకపోతేనే చిక్కు.

ముందుగా స్టేట్‌మెంట్ వైపు నుంచి మొదలుపెట్టండి. లిఫ్ట్ కంపెనీకి ఆగస్టు 27న ఇచ్చిన 14,200 రూపాయల చెక్కును వారు ఇంకా బ్యాంకులో వేయలేదు. ఆ డబ్బు మనది కాదు కనుక తీసివేస్తే 1,72,250 మిగులుతుంది. ఒక ఫ్లాటు యజమాని మూడు నెలలకు కలిపి ఇచ్చిన 6,000 రూపాయల చెక్కును 30న జమ చేశారు గాని ఇంకా ఖాతాలో పడలేదు. దాన్ని కలిపితే 1,78,250.

ఇప్పుడు పుస్తకం వైపు చూడండి. బ్యాంకు వారు 236 రూపాయల ఛార్జీ కోశారు, పుస్తకంలో అది రాయలేదు. ఒక యూపీఐ జమ 2,500 రూపాయలు వచ్చింది, ఎవరిదో తెలియక అది కూడా రాయలేదు. 1,75,986కు 2,500 కలిపి, 236 తీసేస్తే 1,78,250. రెండు వైపులా ఒకే అంకె వచ్చింది కనుక బ్యాంకు నిల్వ తేలినట్టే.

ఆ 2,500 రూపాయలను "గుర్తుతెలియని జమ" అని వదిలేయకండి. మెయింటెనెన్స్ 2,000 కాగా 500 ఎక్కువ ఎందుకొచ్చిందో ఆలోచిస్తే దారి దొరుకుతుంది. టెర్రస్ మీద పుట్టినరోజు వేడుక చేసుకున్న అద్దెదారు వాడకపు రుసుము 500 కలిపి పంపి ఉండవచ్చు. జమ అయిన తేదీని టెర్రస్ బుకింగ్ పుస్తకంతో పోల్చండి, ఆ ఫ్లాటు వారిని అడిగి లావాదేవీ నంబరు సరిచూడండి, రసీదు ఇవ్వండి. అది చేయకపోతే రేపు బకాయిల జాబితాలో ఆయన పేరు పొరపాటుగా మిగిలిపోయి, కొత్త కార్యదర్శి మొదటి నెలలోనే ఒక గొడవతో మొదలుపెట్టవలసి వస్తుంది.

5.2 చేతిలో నగదు

నగదును పరిశీలకులిద్దరి ముందు లెక్కపెట్టి, నోట్ల వారీగా కాగితం మీద రాయాలి. పుస్తకం ప్రకారం 8,340 ఉండాలి. లెక్కపెడితే 500 నోట్లు 12, 200 నోట్లు 6, 100 నోట్లు 7, చిల్లర 70, మొత్తం 7,970 రూపాయలు ఉన్నాయి. తేడా 370.

ఫైలు వెతికితే ఫినాయిల్, మెట్ల దగ్గరి బల్బుల కోసం ఖర్చు చేసిన 320 రూపాయల బిల్లులు పుస్తకంలోకి ఎక్కకుండా మిగిలాయని తెలిసింది. వాటిని ఆ తేదీన నమోదు చేయండి. మిగిలిన 50 రూపాయలకు ఆధారం లేకపోతే "నగదు తక్కువ, కార్యదర్శి జమ చేసినది" అని రాసి కట్టేయండి. తేడా సరిపెట్టడానికి ఆ రోజు కూర్చుని కొత్త ఓచరు సృష్టించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. యాభై రూపాయల కోసం రాసిన ఒక్క దొంగ ఓచరు బయటపడితే, మూడేళ్ల నిజమైన ఓచర్లన్నిటినీ జనం అనుమానంతో చూస్తారు.

5.3 రావలసినవి, ఇవ్వవలసినవి

బ్యాంకులో 1,78,250, చేతిలో 8,020 కలిపి 1,86,270 రూపాయలు ఉన్నాయని చెబితే కొత్తవారు అంతా ఖర్చుకు వీలైన డబ్బే అనుకుంటారు. అందులో కొంత ముందే వేరొకరిది అయి ఉంటుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే యజమాని ఒకరు జూలై నుంచి డిసెంబరు వరకు ఆరు నెలలకు 12,000 ముందే కట్టారు. అందులో జూలై, ఆగస్టు పోగా 8,000 రాబోయే నెలలకు చెందినది. ఆగస్టు వాడకానికి ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు సుమారు 21,000 రావలసి ఉంది. డీజిల్ బాకీ 6,500, ఒకటో తేదీన ఇవ్వవలసిన వాచ్‌మన్ జీతం 12,000. ఇవన్నీ కలిపి 47,500. అవి పోగా నిజంగా మిగిలేది 1,38,770 రూపాయలు. అప్పగింత పత్రంలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి.

బకాయిల జాబితాను ఫ్లాటు వారీగా, నెలల వారీగా ఇవ్వండి. మొత్తం ఒక్క అంకెగా ఇస్తే ఎవరికీ ఉపయోగం లేదు. బకాయి వెనుక వివాదం ఉంటే పక్కన ఒక వాక్యం రాయండి: "పై అంతస్తు నుంచి బాత్‌రూం లీకేజీ బాగుచేసేవరకు కట్టనన్నారు, ఏప్రిల్‌లో లేఖ ఇచ్చారు" అన్నంత వివరం చాలు. ఆ లేఖ నకలు జతచేయండి. ఎవరి మీదా మీ అభిప్రాయం రాయవద్దు.

5.4 ఫిక్స్‌డ్ డిపాజిట్లు

కార్పస్ నిధి ఎఫ్‌డీ రూపంలో ఉంటే రసీదు నంబరు, మొత్తం, గడువు తేదీ, ఎవరి పేరున ఉందో రాయండి. కొన్ని పాత సంఘాలలో బిల్డర్ ఇచ్చిన నిధిని అప్పటి అధ్యక్ష కార్యదర్శుల వ్యక్తిగత పేర్ల మీదే వేశారు. మీ సంఘంలో అలా ఉంటే పదవి వదలకముందే బ్యాంకుకు వెళ్లి సంఘం పాన్‌తో, సంఘం పేరు మీదికి మార్చండి. మీరు ఊరు మారిన తరువాత, లేదా ఆ పేరున్న వ్యక్తి కాలం చేసిన తరువాత, ఆ డబ్బు తీసుకోవడానికి సంఘం వారసుల సంతకాల కోసం తిరగవలసి వస్తుంది.

6. రికార్డుల జాబితా

రికార్డులను సంచిలో వేసి ఇవ్వడం అప్పగింత కాదు. ప్రతి పుస్తకానికీ ఒక వరుస, అందులో పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని పేజీలు రాశారు, అసలా నకలా అన్న వివరాలు ఉండాలి. జాబితాలో ఇవి తప్పనిసరి:

- రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, నియమావళి, సంఘం పాన్ కార్డు
- మినిట్స్ పుస్తకాలు, సభ్యుల రిజిస్టరు
- నగదు పుస్తకం, ఓచరు ఫైళ్లు, వాడిన, వాడని రసీదు పుస్తకాలు
- పాస్ పుస్తకం, చెక్కు పుస్తకం (వాడని చెక్కుల నంబర్లు ఎక్కడ నుంచి ఎక్కడ వరకో)
- ఆడిట్ నివేదికలు, రిజిస్ట్రారుకు దాఖలు చేసిన జాబితాల రసీదులు
- బిల్డర్ ఇచ్చిన మంజూరు ప్లాను, మురుగు, నీటి పైపుల డ్రాయింగులు
- లిఫ్ట్, జనరేటర్, సీసీ కెమెరాల వార్షిక నిర్వహణ ఒప్పందాలు, వారంటీ కార్డులు
- అగ్నిమాపక సిలిండర్లు మళ్లీ నింపించవలసిన తేదీలు
- కోర్టులోనో, నగరపాలక సంస్థలోనో నడుస్తున్న వ్యవహారాల ఫైళ్లు

ఈ జాబితాలో అందరూ మరచిపోయేది పైపుల డ్రాయింగు. అది పోయిన అపార్ట్‌మెంట్లలో లీకేజీ వచ్చినప్పుడల్లా ఎక్కడ వాల్వు ఉందో తెలియక గోడలు తవ్వుతారు. డ్రాయింగు లేకపోతే, ప్లంబర్‌ను తీసుకుని ఒకసారి తిరిగి, సంపు నుంచి ట్యాంకు వరకు ఏ వాల్వు ఏ ఫ్లాట్ల వరుసకు వెళ్తుందో చేత్తోనైనా గీసి ఇవ్వండి.

దొరకని పుస్తకం ఉంటే జాబితా నుంచి తీసేయకండి. వరుస ఉంచి, ఎదురుగా "అప్పగింత సమయానికి లభ్యం కాలేదు, నేను బాధ్యత తీసుకున్నప్పుడు కూడా అందలేదు" అని, నిజమైన పక్షంలో, రాయండి. మీకంటే ముందున్న కార్యదర్శి ఇచ్చిన జాబితా ఉంటే అది ఇక్కడ మీకు రక్ష.

ఇవ్వబోయే మినిట్స్, చివరి ఏడాది నగదు పుస్తకం, స్టేట్‌మెంట్లను ఫోన్‌తో స్కాన్ చేసుకుని మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకోండి. అలా ఉంచుకుంటున్నట్లు అప్పగింత పత్రంలోనే రాయండి. అసలు పుస్తకాలను మాత్రం ఒక్కరోజు కూడా దాచుకోవద్దు.

7. తాళాలు, వాటితో సమానమైనవి

తాళం చెవులను ఒక గుత్తిగా ఇస్తే కొత్తవారు మొదటి వారమంతా ఏ చెవి దేనిదో వెతుక్కుంటారు. ప్రతి చెవికీ ప్లాస్టిక్ బిళ్ల కట్టి నంబరు వేయండి. జాబితాలో ఆ నంబరు ఎదురుగా తాళం పేరు, మొత్తం ఎన్ని చెవులు, మిగతావి ఎవరి దగ్గర ఉన్నాయో రాయండి. టెర్రస్ తాళానికి మూడు చెవులుంటే ఒకటి కార్యదర్శి దగ్గర, ఒకటి వాచ్‌మన్ దగ్గర, మూడోది డిష్ యాంటెన్నా బిగించడానికి వచ్చిన రోజున తీసుకున్న ఫ్లాటు వారి దగ్గర ఉండవచ్చు. ఆ మూడోదాన్ని వెనక్కి తెప్పించండి, కుదరకపోతే తాళమే మార్చించండి.

అప్పగింత రోజున కొత్త కార్యదర్శితో కలిసి నడిచి ప్రతి తాళాన్నీ ఒకసారి తీసి వేసి చూపించండి. సముద్రపు గాలికి తుప్పు పట్టిన తాళం, మీ చేతికి అలవాటైన తిప్పుతో తెరుచుకునేది, కొత్తవారి చేతికి తెరుచుకోదు. లిఫ్ట్ మెషిన్ గది, మీటర్ల గది, జనరేటర్ గది, పంపు గది, టెర్రస్, ఆఫీసు బీరువా అన్నీ చూపించాలి. లిఫ్ట్ మధ్యలో ఆగినప్పుడు తలుపు తీసే ప్రత్యేకమైన చెవి ఎక్కడ ఉంటుందో, దాన్ని ఎవరు వాడవచ్చో లిఫ్ట్ కంపెనీ మెకానిక్ సమక్షంలో చెప్పించడం మేలు.

ఈ రోజుల్లో ఫోన్ నంబరు కూడా తాళం చెవే. మీ సొంత నంబరుకు ఏమేమి ముడిపడి ఉన్నాయో కూర్చుని రాసుకోండి:

- బ్యాంకు ఎస్ఎంఎస్‌లు, నెట్ బ్యాంకింగ్ ఓటీపీ
- ఈపీడీసీఎల్ సర్వీసు నంబరుకు వచ్చే బిల్లు సందేశాలు
- సీసీ కెమెరాల డీవీఆర్ పాస్‌వర్డ్, ఫోన్‌లోని యాప్
- సంఘం ఈమెయిల్, పాన్‌కు ముడిపెట్టిన నంబరు
- వాట్సాప్ గ్రూపు అడ్మిన్ హక్కు
- గేటు దగ్గర అతికించిన యూపీఐ క్యూఆర్ కోడ్

చివరిదాన్ని ముందుగా చూడండి. ఆ కోడ్ మీ వ్యక్తిగత ఖాతాకు ముడిపడి ఉంటే, మీరు తప్పుకున్న తరువాత కూడా మెయింటెనెన్స్ మీ ఖాతాలోనే పడుతూ ఉంటుంది. సంఘం ఖాతాకు నేరుగా చెందిన కోడ్‌ను బ్యాంకు నుంచి తెప్పించి, పాతదాన్ని గోడ మీద నుంచి గీకి తీసేయండి. దాని మీద కొత్తది అతికిస్తే రెండు నెలలకు అది ఊడి, పాతది బయటపడుతుంది. పాత కోడ్ ఫోటోను దాచుకున్న వారు కూడా ఉంటారు కనుక, సెప్టెంబరులో మీ ఖాతాలో పడిన ప్రతి జమనూ వారంలోగా సంఘం ఖాతాకు పంపి, పంపిన రుజువును కోశాధికారికి ఇవ్వండి.

8. బ్యాంకులో సంతకాల మార్పు

తీర్మానం ధ్రువీకృత నకలు, సంఘం లెటర్‌హెడ్ మీద అభ్యర్థన, కొత్తవారి ఆధార్, పాన్, ఫోటోలు, నమూనా సంతకాలు బ్యాంకు అడుగుతుంది. శాఖను బట్టి మరో కాగితం అడగవచ్చు కాబట్టి ముందే వెళ్లి వారి పట్టిక తెచ్చుకోండి. మార్పు పూర్తయ్యేవరకు కొన్ని రోజులు చెక్కులు నడవకపోవచ్చు. అందుకే ఆగస్టు 25 నాటికే చేతిలో ఉన్న బిల్లులన్నీ చెల్లించి, వాచ్‌మన్ జీతానికి ఏర్పాటు చేసి, ఆ తరువాతనే దరఖాస్తు ఇవ్వండి.

ఇక్కడే దాదాపు ప్రతి సంఘంలోనూ ఒక కోరిక వినిపిస్తుంది: "మాస్టారూ, మార్పు అయ్యేలోగా ఇబ్బంది లేకుండా నాలుగు చెక్కుల మీద సంతకాలు పెట్టేసి వెళ్లండి." అడిగేవారి మనసులో చెడు ఉండకపోవచ్చు. అయినా ఆ పని చేయకూడదు. మీరు పదవిలో లేని రోజున మీ సంతకంతో డబ్బు బయటికి వెళ్తుంది. ఖాతాలో నిల్వ లేక ఆ చెక్కు తిరిగి వస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద నోటీసు సంతకం చేసినవారి పేరున కూడా వస్తుంది. ఇప్పటికే అలా సంతకం చేసి ఉంచిన చెక్కులుంటే వాటిని అడ్డంగా కొట్టివేసి, రద్దు అని రాసి, చెక్కు పుస్తకంలోనే ఉంచి, నంబర్లను జాబితాలో చేర్చండి.

9. అప్పగింత రోజు వరుస

ఆదివారం ఉదయం, కమ్యూనిటీ హాలులో, తలుపులు తెరిచి జరపండి. ఇచ్చేవారు, తీసుకునేవారు, ఇద్దరు పరిశీలకులు, అధ్యక్షుడు ఉండాలి.

1. ముందుగా నగదు లెక్కించి, బ్యాంకు సరిచూపు పట్టికను చదివి వినిపించండి.
2. ఒక్కో పుస్తకాన్నీ జాబితాతో పోల్చి, తీసుకునేవారి చేతికివ్వండి. వారే టిక్కు పెట్టాలి.
3. తాళాల నడక పూర్తి చేయండి.
4. జరుగుతున్న పనుల మీద ఒక పేజీ ఇవ్వండి: ఎవరికి ఏ మాట ఇచ్చాం, ఏ అడ్వాన్సు చెల్లించాం, ఏ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది.
5. పత్రం మూడు ప్రతుల మీద, ప్రతి పేజీలోనూ అందరూ సంతకాలు చేయాలి. ఒకటి మీకు, ఒకటి కొత్త కార్యదర్శికి, ఒకటి సంఘం ఫైలుకు.

తీసుకునేవారికి ఏదైనా అంశం మీద సందేహం ఉంటే సంతకం ఆపించకండి. ఆ అంశం ఎదురుగా వారి అభ్యంతరాన్ని వారినే రాయమనండి. అభ్యంతరంతో కూడిన సంతకం, సంతకమే లేని పత్రం కంటే ఎంతో మేలు.

10. తీసుకోవడానికి ఎవరూ రాకపోతే

ఇది అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే చిక్కు. కొత్త కార్యదర్శి దొరికేవరకు ఉండమని నెలల తరబడి లాగుతారు. అలాంటప్పుడు లేఖలోని తేదీని మార్చకుండా, పైన చెప్పిన పనులన్నీ ఆ తేదీకి పూర్తి చేయండి. అప్పగింతకు రమ్మని అధ్యక్షుడికి, సంయుక్త కార్యదర్శికి లిఖితపూర్వకంగా రెండు తేదీలు ఇవ్వండి. రాకపోతే పరిశీలకుల సమక్షంలో జాబితా సిద్ధం చేసి, రికార్డులను ఆఫీసు బీరువాలో పెట్టి సీలు వేసి, తాళం చెవిని, జాబితాను అధ్యక్షుడికి అందజేసి రసీదు తీసుకోండి. రికార్డులను మీ ఇంట్లో పెట్టుకుని కూర్చుంటే, సమయం గడిచేకొద్దీ మీరే వాటిని దాచారన్న మాట పుడుతుంది.

కార్యవర్గంతో వివాదం ముదిరితే, 2001 చట్టం సెక్షన్ 23 ప్రకారం సభ్యులు మధ్యవర్తిత్వానికి గాని, జిల్లా కోర్టుకు గాని వెళ్లే వీలుంది. అక్కడికి వెళ్లవలసి వచ్చిననాడు స్పీడ్ పోస్టు రసీదు, సంతకాల జాబితా, సరిచూపు పట్టిక మీ చేతిలో ఉండాలి.

11. తరువాతి నెల రోజులు

సర్వసభ్య సమావేశం జరిగిన తరువాత 15 రోజులలోగా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయవలసిన బాధ్యత కొత్త కార్యవర్గానిది. కొత్త జాబితా దాఖలైందో లేదో అడిగి, రసీదు నకలు తీసుకోండి, ఎందుకంటే అది దాఖలయ్యేవరకు ప్రభుత్వ రికార్డులో కార్యదర్శిగా మీ పేరే ఉంటుంది. బ్యాంకు నుంచి కూడా మీ సంతకం తొలగించినట్లు లేఖ గాని ఈమెయిల్ గాని అడిగి తీసుకోండి.

ఈ నెలలో కొత్తవారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పండి, అయితే వెండర్లతో మాట్లాడటం, ధరలు ఒప్పుకోవడం మానేయండి. డీజిల్ దుకాణానికి, లిఫ్ట్ కంపెనీకి, నీటి ట్యాంకర్ వారికి కొత్త కార్యదర్శి నంబరు ఇచ్చి, ఇకపై ఆర్డరు ఆయన చెబితేనే తీసుకోవాలని మీరే ఫోన్ చేసి చెప్పండి. లిఫ్ట్ కంపెనీ 14,200 రూపాయల చెక్కు సెప్టెంబరు స్టేట్‌మెంట్‌లో చెల్లింపుగా కనిపించిన రోజున కోశాధికారిచేత సరిచూపు పట్టికలో ఆ వరుస ఎదురుగా తేదీ వేయించి, మీ ప్రతిలో కూడా అదే తేదీ రాసుకోండి. 6,000 రూపాయల చెక్కు విషయంలోనూ అంతే. అది చెల్లకుండా తిరిగి వస్తే ఇచ్చిన రసీదును రద్దు చేసి, ఆ ఫ్లాటును బకాయిల జాబితాలో తిరిగి చేర్చవలసిందిగా కొత్త కార్యదర్శికి లిఖితపూర్వకంగా తెలియజేయండి.